‘పరజా’కి సమీక్ష: ఎక్కడిదాకా చెప్పాలి, ఎలా తేల్చాలి

“మాది రాయగడ. బడి చదువంతా ఒడియాలోనే, తెలుగు ఇంట్లో నేర్చుకున్నదే. గోపీనాథ్ మహంతి నవల ‘పరజా’ ఒడియాలో చదివి తెలుగులో సమీక్ష రాశాను. చదివినవాళ్ళలో ఒకరు ‘కథంతా నువ్వే చెప్పేశావు, ఇంక నేను చదవడం దేనికి’ అన్నారు. ఇంకొకరు ‘ఇంతకీ చదవమంటావా, వద్దంటావా, తేలలేదు’ అన్నారు. సమీక్ష కింద పెట్టాను. కథ బయటపడకుండా, తీర్పు సూటిగా, చదవాలో వద్దో తేల్చుకునేలా ఎలా రాయాలి?”

మీ సమీక్ష రెండుసార్లు చదివాను. ‘పరజా’ నేను మొదట చదివి ఇరవై ఏళ్ళు దాటింది. మీ సమీక్ష చూశాక మళ్ళీ తీసి సగం దాకా తిరగేశాను. ఆ ఇద్దరూ చెప్పింది నిజమే. వాళ్ళు ఎత్తిచూపింది రెండు వేరువేరు లోపాల్లా కనిపిస్తుంది కానీ, మూలం ఒక్కటే. ఏం చెప్పాలో తేల్చుకోకముందే మీరు రాయడం మొదలుపెట్టారు. చెప్పడానికి మాట దొరకని చోటల్లా కథ వచ్చి కూర్చుంది. మీ ఆరు పేరాల్లో నాలుగు కథే.

నేను గుణుపూర్‌లో పుట్టి రాయగడలో స్థిరపడ్డాను. ఇక్కడ తెలుగు పుస్తకం దొరకడం ఎంత కష్టమో మీకు చెప్పనక్కర్లేదు. పార్వతీపురమో విజయనగరమో వెళ్ళేవాళ్ళకి చీటీ రాసిచ్చి తెప్పించుకుంటాం. అందుకే మన దగ్గర సమీక్ష చదివేవాడు కాలక్షేపానికి చదవడు. చీటీలో ఆ పేరు రాయాలా వద్దా అని తేల్చుకోవడానికి చదువుతాడు. మీ సమీక్ష ఆ పనికి రావాలి.

ముందు తీర్పు సంగతి. మీ చివరి వాక్యం ఇది: “గిరిజనుల జీవితాన్ని కళ్ళకు కట్టినట్టు చూపించిన, అందరూ చదవాల్సిన అద్భుతమైన నవల.” ఈ వాక్యాన్ని కత్తిరించి అడవి గురించి వచ్చిన ఏ నవల కింద అతికించినా అతుకుతుంది. తీర్పు బాగా కుదిరిందో లేదో చూడడానికి నేను వాడే కొలత ఇదే: అది వేరే పుస్తకానికి అతకకూడదు, దానితో ఎవరో ఒకరు గట్టిగా విభేదించే వీలుండాలి. “అద్భుతం” అన్నదాన్ని కాదనడానికి ఏమీ ఉండదు. కాదనలేని మాట మీద ఆధారపడి ఎవరూ పుస్తకం తెప్పించుకోరు.

నేనైతే సమీక్ష మొదలుపెట్టకముందే తీర్పు ఒక కాగితం మీద విడిగా రాసుకుంటాను. అది ఒక్కసారికి కుదరదు. ‘పరజా’కి ఎలా చేశానో చూపిస్తాను. మొదట రాసింది: “అప్పు ఒక కుటుంబాన్ని ఎలా మింగేస్తుందో చెప్పే నవల.” మీ వాక్యం కంటే ఇది నయం, ఎందుకంటే పుస్తకం దేని గురించో చెబుతోంది. కానీ “మింగేస్తుంది” అన్న క్రియ చూడండి. అప్పు తీరుతుందా తీరదా అని పాఠకుడు పేజీ పేజీకీ ఆత్రంగా చూడాల్సిన పుస్తకం ఇది. ఒక్క క్రియతో ఆ ఆత్రం పోగొట్టాను. తీర్పు వాక్యంలో కథ జారిపోయేది ఎక్కువగా క్రియల్లోంచే. రెండోసారి “అప్పు ఒక ఇంట్లోకి ఎలా అడుగుపెడుతుందో చెప్పే నవల” అని మార్చాను. అడుగుపెట్టడం మొదట్లోనే జరుగుతుంది కాబట్టి ఇక్కడ దాచాల్సింది లేదు.

అయినా అది ఇంకా తీర్పు కాలేదు, విషయం చెప్పడం దగ్గరే ఆగింది. బాగుందా, ఎవరికి బాగుంటుంది, ఏ షరతు మీద బాగుంటుంది అన్నవి చేరాలి. మూడోసారికి ఇలా వచ్చింది: “అప్పు ఒక ఇంట్లోకి అడుగుపెట్టే తీరును ఇంత నిదానంగా, ఇంత కచ్చితంగా చూపించిన నవల నేను ఇంకొకటి చదవలేదు. ఒడియా చదవగలిగినవాళ్ళు దీనికి పది రోజులు ఇవ్వండి. కథ చకచకా నడవాలనుకునేవాళ్ళు ఇప్పటికి పక్కన పెట్టండి.” దీంతో విభేదించవచ్చు. “నిదానం కాదు, సాగదీత” అని ఒకరు అనవచ్చు. అన్నా సరే, అతనికి కావలసింది అతనికి దొరికింది. నిదానం తనకి పడుతుందో పడదో అతనికి తెలుసు.

ఈ వాక్యాలు సమీక్ష మొదట్లో పెట్టండి. తీర్పు చివర ఉంటేనే ఉత్కంఠ ఉంటుందని కొందరు అంటారు. ఉత్కంఠ నవలకి ఉండాలి, సమీక్షకి కాదు. మీ రెండో పాఠకుడు “తేలలేదు” అన్నది కూడా అందుకేనేమో. ఆయన ఆరో పేరా దాకా వచ్చి ఉండకపోవచ్చు.

ఇక కథ ఎక్కడిదాకా చెప్పాలన్నది. దీని మీద ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే మీ అసలు ఇబ్బంది ఇక్కడే ఉంది.

“మొదటి యాభై పేజీలు చెప్పొచ్చు”, “సగం దాకా చెప్పొచ్చు” అని లెక్కలు చెబుతుంటారు. అవి నాకు ఎప్పుడూ పనికి రాలేదు. కొన్ని పుస్తకాల్లో పదో పేజీలోనే చెప్పకూడనిది ఉంటుంది. కొన్నిటిలో చివరి అధ్యాయంలో కూడా దాచాల్సింది ఉండదు. నేను చేసేది వేరు. చదివేటప్పుడు చేతిలో పెన్సిలు ఉంచుకుంటాను. నవల నా మనసులో ఒక ప్రశ్న పుట్టించిన చోట, ఆ పేజీ మార్జిన్‌లో ప్రశ్నార్థకం వేస్తాను. ఆ ప్రశ్న పుట్టడానికి కావలసినదంతా చెప్పవచ్చు. ఆ ప్రశ్నకి జవాబు వైపు వేసే ఏ అడుగూ చెప్పకూడదు.

‘పరజా’లో ఆ చోటు పట్టుకోవడం కష్టం కాదు. సుక్రు జాని భార్యని పులి ఎత్తుకుపోయింది. ఇద్దరు కొడుకులు, మాండియా, టిక్రా. ఇద్దరు కూతుళ్ళు, జిలి, బిలి. కొండ కింద చిన్న పల్లె, కాస్త పొలం, పిల్లల పెళ్ళిళ్ళ గురించి ఆశలు. ఫారెస్టు గార్డు కన్ను పెద్ద కూతురి మీద పడుతుంది. తండ్రి ఒప్పుకోడు. ఆ కక్షతో చెట్లు కొట్టాడన్న నేరం మోపి జరిమానా వేయిస్తాడు. జరిమానా కట్టడానికి షావుకారు దగ్గర అప్పు, ఆ అప్పు తీరేదాకా షావుకారు ఇంట్లో గోతిగా, అంటే అప్పుకి కట్టుబడిన పనివాడిగా చాకిరీ. ఇక్కడ నేను మార్జిన్‌లో గుర్తు వేశాను. ప్రశ్న పుట్టింది: ఈ అప్పు తీరుతుందా, తీరేలోగా ఈ ఇల్లు ఇల్లుగా నిలుస్తుందా?

మీ సమీక్షలో రెండో పేరా సరిగ్గా ఇక్కడే ఆగింది. అక్కడ మీరు కూడా ఆగిపోయి ఉంటే మొదటి పాఠకుడికి ఫిర్యాదు ఉండేది కాదు. మూడో పేరా నుంచి ఒక్కొక్కరికీ ఏమయిందో వరసగా చెప్పుకుంటూ పోయారు. మూడు, నాలుగు పేరాల్లో జరిగిన సంగతులు చెప్పే వాక్యాలు పదకొండు లెక్కపెట్టాను. అవన్నీ తీసేయవచ్చు. తీసేస్తే మిగిలేది తక్కువని భయపడకండి, ఆ ఖాళీలో ఏం పెట్టాలో తర్వాత చెబుతాను.

ఇంకొక్క చిక్కు ఉంది. పెద్ద ప్రశ్నతో పాటు చిన్న ప్రశ్నలు కూడా ఉంటాయి. ఈ నవలలో పడుచువాళ్ళ ప్రేమలున్నాయి. ఎవరు ఎవరిని మనువాడతారన్నది అప్పుతో పోలిస్తే చిన్నదే. కానీ చదివేవాడికి ఆ ప్రేమలే ఊపిరి ఆడే చోట్లు. వాటిలో ఏ ఒక్కదాని సంగతి చెప్పినా ఆ పేజీలు చల్లారిపోతాయి. “నవల్లో ప్రేమలున్నాయి, పాటలున్నాయి” అన్నంతవరకు చాలు.

సంఘటన చెప్పకపోయినా కథ జారిపోయే దారులు మూడు నాకు తెలుసు. ఒకటి నా సొంత తప్పు నుంచి నేర్చుకున్నాను. చాలా ఏళ్ళ క్రితం ఒక కుటుంబ నవల మీద రాస్తూ “రెండో సగంలో తల్లి పాత్ర లేని లోటు తెలుస్తుంది” అన్నాను. విమర్శ అనుకునే రాశాను. మా చదువరుల గుంపులో ఒక రిటైర్డు మాస్టారు ఆ నవల చదివి వచ్చి, “అమ్మా, మీ పుణ్యమా అని నూట యాభై పేజీలూ ఆవిడ ఎప్పుడు పోతుందా అని ఎదురుచూస్తూ చదివాను” అన్నారు. ఆయన కోపంగా కూడా అనలేదు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. రచయిత్రి ఎంతో జాగ్రత్తగా కట్టిన మొదటి సగం అంతా ఆయనకి దక్కకుండా చేశాను. అప్పటినుంచి “రెండో సగంలో”, “చివరిదాకా”, “ఆ తర్వాత” లాంటి కాలం చెప్పే మాట ఒక పాత్ర పేరు పక్కన కనబడితే ఆగి చూసుకుంటాను. “చివరిదాకా నిలిచే పాత్ర” అంటే మిగతావాళ్ళు నిలవరని చెప్పినట్టే కదా.

రెండో దారి, నవలకి పెట్టే పేరు. ఫలానా రకం నవల అనగానే ఆ రకం నవలలు ఎలా ముగుస్తాయో పాఠకుడికి స్ఫురిస్తుంది. మీ అయిదో పేరాలో మొదటి మాట చూడండి. ఆ మాట ఇక్కడ నేను మళ్ళీ రాయను, ఎందుకంటే దీన్ని పుస్తకం చదవనివాళ్ళు కూడా చదువుతారు. పుస్తకం మూసిన తర్వాతే వాడదగిన మాట అది. కథ గురించి ఒక్క వాక్యం రాయకుండా, ఆ ఒక్క విశేషణంతో చివరి పేజీ చెప్పేశారు. దాని బదులు “1945లో వచ్చిన ఒడియా నవల” అనండి. అది చాలు.

మూడోది పోలిక. అందరికీ ముగింపు తెలిసిన ఇంకో కథతో పోలిస్తే ఈ కథ ముగింపు కూడా చెప్పినట్టే. మీరు అయిదో పేరాలో ఒక సినిమాతో పోల్చారు. మన ఊళ్ళో ఆ సినిమా చూడనివాళ్ళు లేరు. పోలిక తప్పనిసరి అనుకుంటే వచనాన్ని వచనంతో పోల్చండి, నడకని నడకతో పోల్చండి. కథని కథతో మాత్రం వద్దు.

“మరి ముగింపు నచ్చకపోతే ఆ మాట ఎలా చెప్పాలి” అని అడుగుతారు. చెప్పే తీరాలి, దాచకూడదు. అక్కడ ఏం జరిగిందో చెప్పకుండా, రాసిన తీరులో లోటు ఎక్కడుందో చెప్పండి. “చివరి ముప్ఫై పేజీల్లో ముందున్న ఓపిక లేదు” అనవచ్చు. “ముగింపు ముందునుంచే కనిపిస్తూ వచ్చింది” అనడం కూడా పరవాలేదు, ఏం కనిపించిందో చెప్పనంతవరకు. “ఊహించని మలుపు” మాత్రం వద్దు. ఆ మాట వినగానే పాఠకుడు మలుపు కోసమే వెతుకుతూ చదువుతాడు, దొరికేదాకా తక్కిన పేజీలు అతని కంటికి ఆనవు.

సరే, కథ తీసేశాక మిగిలిన చోటు. అక్కడ పెట్టాల్సింది పుస్తకం రుచి. వంట ఎలా ఉందని అడిగితే దినుసుల పట్టీ చదవం కదా, ఒక ముద్ద పెడతాం. ‘పరజా’లో ఆ ముద్ద ఏదని ఆలోచించాను. నాకు రెండు దొరికాయి, రెండూ పాఠకుడు తనకి పడుతుందో లేదో తేల్చుకోవడానికి సూటిగా పనికొచ్చేవి.

మొదటిది వర్ణన. మహంతి ఒడిశా పరిపాలనా సర్వీసులో అధికారిగా కొరాపుట్ కొండల్లో పనిచేశారు. కొండ మీద వెలుగు, పొలం వాసన, పండగ నాటి డప్పు, ఇవన్నీ ఆయన నవలలో కథకి పక్కన అలంకారంలా ఉండవు. కథని ఆపి మరీ వస్తాయి. పేజీల కొద్దీ వస్తాయి. దీన్ని మీరు “అందమైన వర్ణనలు” అని ఒక్క మాటతో దాటేశారు. ఇది ఎవరికి బలం, ఎవరికి బరువు అన్నది చెప్పాలి. వర్ణన రాగానే పేజీ తిప్పేసే అలవాటున్నవాళ్ళు ఈ పుస్తకంలో మూడో వంతు తిప్పేస్తారు, అది వాళ్ళకి ముందే తెలియడం మంచిది. నా మటుకు నాకు రెండోసారి చదివినప్పుడే ఆ వర్ణనల పని అర్థమయింది. ఆ కొండ, ఆ పొలం అంత ప్రేమగా కనిపించాకే, షావుకారు చీటీలో అవి వట్టి అంకెలుగా మారినప్పుడు గుండెలో కలుక్కుమంటుంది.

రెండోది అప్పు నడిచే తీరు. ఇక్కడ మీకు ఒక చిన్న మాట దగ్గర జాగ్రత్త కావాలి. మీరు “గోతి” అని ఒడియా మాట అలాగే పెట్టి వదిలేశారు. తెలుగులో అది చదివినవాళ్ళకి మొదట గొయ్యి గుర్తొస్తుంది. మన వైపు ఏజెన్సీలో దీన్నే గొత్తి అన్నారు. తీసుకున్న అప్పుకి బదులుగా మనిషే వెళ్ళి ఇచ్చినవాడి ఇంట్లో, పొలంలో చాకిరీ చేయడం. వడ్డీ చాకిరీని మించి పెరుగుతుంటుంది కాబట్టి ఎప్పటికి తీరుతుందో చాకిరీ చేసేవాడికి తెలియదు, లెక్క రాసేవాడికే తెలుసు. ఈ నాలుగు మాటలు సమీక్షలో లేకపోతే, అప్పు అంటే ఏముంది, కష్టపడి తీర్చుకుంటాడులే అనుకుంటాడు పాఠకుడు. దీన్ని వివరిస్తే కథ చెప్పినట్టు కాదు. ఇది ఆనాటి లోకంలో ఉన్న పద్ధతి, రచయిత కల్పన కాదు. ఒడిశాలో 1948లో, దేశమంతటికీ 1976లో దీన్ని నిషేధిస్తూ చట్టాలు వచ్చాయి. నవల 1945 నాటిది, అంటే ఈ చట్టాలు రాకముందు రాసినది. ఈ ఒక్క తేదీ చెబితే చాలు, మీరు చరిత్ర పాఠం చెప్పనక్కర్లేదు.

లోపం కూడా ఒకటి చెప్పండి. మీ సమీక్షలో ఒక్క లోపమూ లేదు. అందుకే మెచ్చుకోలు నమ్మేలా లేదు. నాకు కనిపించినది ఇది: రచయిత కొన్నిచోట్ల పాత్రల పక్కన నిలబడకుండా పైనుంచి మాట్లాడతారు. అడవిలో బతికేవాళ్ళు ఇలా ఉంటారు, అలా ఆలోచిస్తారు అని మొత్తం జాతి మీద ఒక మాట అనేస్తారు. ఎంత ప్రేమ ఉన్నా అది బయటినుంచి వచ్చిన అధికారి చూపు. ఈ రోజు చదివేవాళ్ళకి, ముఖ్యంగా ఆ సమాజం నుంచి వచ్చి చదువుకున్న పిల్లలకి, అక్కడ మనసు నొచ్చుకోవచ్చు. మీకు అలా అనిపించకపోతే ఈ మాట రాయకండి. మీకు నిజంగా అడ్డు తగిలింది ఏదో ఒకటి ఉండే ఉంటుంది, అది రాయండి.

మనసు కలతపెట్టే విషయాల గురించి ముందే చెప్పడం ఎలా అన్నది కొందరికి చిక్కుగా ఉంటుంది, చెబితే కథ తెలిసిపోతుందేమోనని. ఈ పుస్తకంలో అధికారం, డబ్బు ఉన్న మగవాళ్ళు పేదింటి ఆడపిల్లల మీద కన్నేయడం ఉంది. అది ఫారెస్టు గార్డుతో మొదట్లోనే మొదలవుతుంది. కాబట్టి “ఇది కథలో మొదటినుంచీ వెన్నాడే భయం” అని చెప్పవచ్చు. ఎవరికి, ఎక్కడ, ఏమయింది అన్నది అక్కర్లేదు.

ఇవన్నీ కలిపి నేనే రాస్తే ఎలా ఉంటుందో చూడండి. ఇది మీరు ఎత్తిరాసుకోవడానికి కాదు, ఏది ఎక్కడ ఆగిందో చూడడానికి.

“అప్పు ఒక ఇంట్లోకి అడుగుపెట్టే తీరును ఇంత నిదానంగా, ఇంత కచ్చితంగా చూపించిన నవల నేను ఇంకొకటి చదవలేదు. ఒడియా చదవగలిగినవాళ్ళు దీనికి పది రోజులు ఇవ్వండి. కథ చకచకా నడవాలనుకునేవాళ్ళు ఇప్పటికి పక్కన పెట్టండి.

గోపీనాథ్ మహంతి ‘పరజా’ 1945లో వచ్చింది. చోటు మనకి కొత్తది కాదు, కొరాపుట్ కొండలు. 1936లో ఒడిశా విడిగా ఏర్పడేదాకా ఇవి మద్రాసు ప్రెసిడెన్సీలో విశాఖపట్నం జిల్లాలో ఉండేవి. భార్య పోయిన సుక్రు జానికి ఇద్దరు కొడుకులు, ఇద్దరు కూతుళ్ళు. ఫారెస్టు గార్డు కక్ష కట్టి వేయించిన జరిమానా కోసం షావుకారు దగ్గర అప్పు తీసుకుంటాడు. అప్పుకి తాకట్టు మనిషే. తీరేదాకా వెట్టి చేయాలి, ఎంత తీరిందో షావుకారుకే తెలియాలి. ఇక్కడినుంచి నవల అసలు మొదలవుతుంది, నేను ఇక్కడ ఆగుతాను.

చదువుతుంటే కొండ కంటికి కడుతుంది. పండగలు, పాటలు, పొలం పని పేజీల కొద్దీ వస్తాయి, కథ వాటికోసం ఆగుతుంది. ఆ ఆగడం నాకు మొదటిసారి విసుగు, రెండోసారి ప్రాణం. రచయిత కొన్నిచోట్ల ఆ మనుషుల గురించి వాళ్ళ పక్కన కూర్చున్నట్టు కాక, బంగళా వరండాలోంచి చూసినట్టు మాట్లాడతారు. అక్కడ నాకు ఇబ్బందిగా అనిపించింది. ఆడపిల్లల మీద కన్నేసే పెద్దమనుషులు మొదటినుంచీ కథలో మసులుతుంటారు, అలాంటివి చదవలేనివాళ్ళు గమనించాలి.

ఒడియా రానివాళ్ళకి బిక్రమ్ కె. దాస్ ఇంగ్లీషు అనువాదం ఉంది, 1987లో వచ్చింది. ఒడియా అక్షరాలు కూడబలుక్కునేవాళ్ళు నేరుగా మూలంతో మొదలుపెట్టకండి, వర్ణనల దగ్గర అలసిపోతారు. అనువాదం ముందు చదివి, నచ్చితే మూలానికి రండి.”

ఇందులో కథ చెప్పిన వాక్యాలు అయిదారుకి మించవు. మిగతాదంతా చదివేవాడు తన గురించి తాను తేల్చుకోవడానికి ఇచ్చిన సరుకు. ఏ భాషలో చదవాలన్నది మీరు అసలు ముట్టుకోలేదు, మన ప్రాంతంలో అది అందరికంటే ముందు వచ్చే ప్రశ్న. మా గుంపులో పదిమంది ఉంటే ఒడియా ధారాళంగా చదివేవాళ్ళు నలుగురు, అంతా మీలా ఒడియా బడిలో చదివినవాళ్ళే. పెద్దవాళ్ళకి తెలుగే వచ్చు. కొత్తగా వచ్చే పిల్లలు ఇంగ్లీషు తప్ప ఇంకేదీ తీయరు. ఒకే పుస్తకానికి ఈ ముగ్గురికీ మూడు సమాధానాలు ఉంటాయి.

రాశాక ఇద్దరికి చూపించండి, కానీ మీరు ఇప్పుడు చేసినట్టు “ఎలా ఉంది” అని అడగకండి. పుస్తకం చదవనివాళ్ళని “ఇందులో చివరికి ఏమవుతుందనుకుంటున్నారు” అని అడగండి. వాళ్ళు ఒక జవాబు తడబడకుండా చెప్పేస్తే, ఆ జవాబు సరైనదైతే, ఎక్కడో జారింది. ఏ మాట వల్ల అలా అనిపించిందో వేలు పెట్టి చూపించమనండి. చాలాసార్లు అది మనం అనుమానించని మాట అయి ఉంటుంది. పుస్తకం చదివినవాళ్ళని ఇంకోటి అడగండి: “ఇది మీరు చదివిన పుస్తకమేనా?” వాళ్ళు ముఖం చిట్లిస్తే, గుట్టు దాచే ప్రయత్నంలో మీరు వేరే పుస్తకాన్ని వర్ణించారని అర్థం. అది కూడా జరుగుతుంది. విషాదాన్ని దాచబోయి, కొండల్లో హాయిగా సాగే ప్రేమకథలా కనిపించే సమీక్షలు నేను చూశాను. చీకటి ఉందని చెప్పాలి. ఎంత లోతు, ఎటు అన్నదే చెప్పకూడదు.

ఒక మాట మీ సమీక్షలో నాకు చాలా నచ్చింది, అది మీరు నాలుగో పేరా మధ్యలో పాతిపెట్టారు. మీ తాతగారి ట్రంకు పెట్టెలో వేలిముద్రలున్న అప్పు చీటీల కట్ట ఒకటి ఉండేదని, అవి తాతగారికి ఇతరులు బాకీ పడినవని, ఈ నవల చదివాకే వాటి వైపు మొదటిసారి సరిగా చూశానని రాశారు. పుస్తకం ఒక మనిషికి ఏం చేసిందో అంతకంటే స్పష్టంగా చెప్పే వాక్యం ఇన్నేళ్ళలో నేను రాయలేకపోయాను. అందులో కథ ఒక్క ముక్క లేదు. నాలుగో పేరాలో చుట్టూ ఉన్నదంతా తీసేసినా దాన్ని మాత్రం తీయకండి. తీర్పు వాక్యం పక్కనే పెట్టండి, మొదటి పేరాలో.